మూడో పేజీ లేని రిపోర్టు

రెండు వందల పుస్తకాలకు కుట్టు వేయాలంటే ముందు ఫారాలు, అంటే అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు, మడవాలి. మడిచినవాటిని వరసగా పేర్చాలి. పేర్చినవాటిలో సూది ఎక్కించే ముందు ఒక్కో పేజీ సరిచూసుకోవాలి. ఈ మూడో పనిని చాలామంది బైండర్లు ఎగ్గొడతారు. బైండరమ్మ ఎగ్గొట్టదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె చేతిమీదుగా ఒక్క పేజీ కూడా తలకిందులుగా బయటికి పోలేదని ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు, ఆ ఘనతలో తమకేదో వాటా ఉన్నట్టు.

ఆమెకు యాభై ఆరేళ్ళు. వీధి మొగలో రెండు గదుల షాపు. ముందు గదిలో కత్తిరించే యంత్రం, బల్ల, అట్టల బొత్తులు, ఎప్పుడూ కాస్త పులిసిన వాసన వేసే మైదా లై జిగురు గిన్నె. వెనక గదిలో సంసారం. పెళ్ళి చేసుకుంది, ఆరేళ్ళకు అది పొసగలేదు, సంచి సర్దుకుని తండ్రి షాపుకు తిరిగి వచ్చేసింది. అప్పుడు తండ్రి ఒక్క ప్రశ్న వేయలేదు. సూదిలో దారం ఎక్కించి చేతికిచ్చాడు. అందుకే ఆయన పోయి పద్నాలుగేళ్ళయినా, లోకంలో తననెప్పుడూ దగా చేయని మనిషి ఒక్కడున్నాడని ఆమె నమ్ముతూ వచ్చింది.

ఆ రోజు పొద్దున బల్లమీద ఉన్నది పరాయివాళ్ళ పుస్తకం కాదు. సొంత వంశం పుస్తకం. ఏడు తరాల క్రితం తిరగళ్ళకు గంట్లు పెట్టుకుంటూ ఊరూరా తిరిగి ఇక్కడ కుదురుకున్న ఒకాయన ఉన్నాడు. ఆయన్ని మూలపురుషుడంటారు. ఆయన సంతానం పేర్లన్నీ చేత్తో రాసిన పాత పుస్తకం ఒకటుంది. దాన్ని అచ్చు వేయించాలని వంశ సంఘం మూడేళ్ళుగా తంటాలు పడుతోంది. సంఘం అధ్యక్షుడు హెడ్మాస్టారు. ఎప్పుడో రిటైరయ్యాడు, అయినా ఆ పేరు ఊడిపోలేదు. బైండరమ్మకు వరసకు అన్నయ్య, దూరపు దాయాది. చిన్నప్పుడు లెక్కలు చెప్పినవాడూ ఆయనే. పాత పుస్తకాన్ని భద్రంగా దాచే పని తండ్రి తర్వాత ఆమెకే వచ్చింది. అచ్చయిన ఫారాలు కూడా తిన్నగా ఆమె షాపుకే వచ్చాయి, ఇంట్లోనే బైండరు ఉండగా బయటికెందుకని.

వెనక గదిలోంచి తల్లి కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. మడత పుల్ల చేతికిస్తే ఇప్పటికీ గీత గీసినట్టు మడుస్తుంది. ఇన్నాళ్ళూ కొడుకు దగ్గరే ఉండేది. మూడు నెలల క్రితం వాడు ఆటోలో తీసుకొచ్చి, గాలి మార్పుగా ఉంటుంది, కొన్నాళ్ళు అక్క దగ్గరుండమని దించి వెళ్ళాడు. రెండు వీధుల అవతలికి గాలి ఏం మారుతుందో ఎవరికీ అర్థం కాలేదు.

"వాడు ఫోన్ చేశాడా?" అంది తల్లి.

"చేస్తాడులే. ఆఫీసులో పని ఎక్కువట."

"నాకు ఫోన్ ఇస్తే మాట్లాడడు. సరే, ఉంటా అంటాడు, పెట్టేస్తాడు. నేనేమన్నానో ఏమో."

బైండరమ్మ మొదటి ఫారం విప్పింది. 'మొదటి శాఖ' అని పెద్ద అక్షరాల్లో ఉంది. పాత పుస్తకంలో మొదటి శాఖ అంటే తమదే. పెద్దవాళ్ళ శాఖ గనక ఏటా సంఘం సమావేశంలో మొదట చదివేది వాళ్ళ పేర్లే. ఇక్కడ మొదటి శాఖ కింద హెడ్మాస్టారి ముత్తాత పేరుంది. ప్రెస్సువాళ్ళు ఫారాలు తారుమారు చేశారనుకుని రెండోది విప్పింది. మూడోది విప్పింది. పేజీ నంబర్లు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నడుస్తున్నాయి. ఎక్కడా తప్పు లేదు. ఆఖరి ఫారం వరకూ చూసింది. తాత లేడు. తండ్రి లేడు. తమ్ముడు లేడు. తను సరేసరి.

పేజీ జారిపోతే నంబరు పట్టిస్తుంది. ఇక్కడ మనుషుల్ని తీసేసి నంబర్లు సరిచేశారు. అంటే ఇది పొరపాటు కాదు.

తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు విద్యుత్ ఆఫీసులో గుమాస్తా. అక్క మాట జవదాటని మనిషని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో గానీ, ఆమెకు చెప్పకుండా చేసిన పనులన్నీ తర్వాతే తెలుస్తుంటాయి.

"అక్కా, సాయంత్రం వస్తా. అమ్మ వినేలా మాట్లాడకు" అన్నాడు.

సాయంత్రం వచ్చాడు, లోపలికి రాలేదు. షాపు మెట్టు మీదే నిలబడి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీశాడు.

"సంఘంలో మగవాళ్ళం పన్నెండు మందిమి బుగ్గ లోపల దూది పుల్ల రుద్దుకుని ఇచ్చాం, గుర్తుందా? వై క్రోమోజోమ్ పరీక్ష. అది తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి ఇంచుమించు చెక్కు చెదరకుండా వస్తుందట. పదకొండు మందిది ఒక్కటే వచ్చింది. నాదొక్కటే వేరు."

"వేరు అంటే?"

"అంటే మనం ఆయన వంశం కాదక్కా." గొంతు తగ్గించాడు. "ఎక్కడో... అర్థం చేసుకో. నాన్న నాన్న కాదేమో."

ఆమెకు ఒక్కసారిగా మూడు నెలల సంగతంతా అర్థమైంది. ఆటో, గాలి మార్పు, ఫోన్‌లో సరే ఉంటా.

"అందుకని అమ్మని నా గుమ్మంలో దించి పోయావా?"

"మొహం చూడలేకపోయానక్కా. కంచం పెట్టినప్పుడల్లా అదే ఆలోచన. హెడ్మాస్టారన్నయ్య ఈ సంగతి ఇల్లు దాటనివ్వనన్నాడు. పుస్తకంలోంచి పేర్లు తీసేస్తాం, కారణం ఎవరికీ చెప్పం, నువ్వు సంతకం పెట్టు చాలన్నాడు. పెట్టాను. పరువు కాపాడినవాడు ఆయన."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"నీకెలా చెప్పను? నువ్వూ ఆవిడ కూతురివే కదా."

వీణ్ణి ఎత్తుకు తిప్పింది తను. వీడి పుస్తకాలకు అట్టలు వేసింది తను. వాడు తల్లి మీద నింద వేసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని తిరుగుతున్నాడు. చేతిలోంచి కాగితాలు లాక్కుంది. చదవడం తర్వాత. బైండరు కళ్ళు ముందు కింది మూల చూస్తాయి. మొదటి కాగితం కింద '3లో 1' అని ఉంది. రెండో దాని కింద '3లో 2'.

"మూడోది ఏదిరా?"

"అన్నయ్య ఇచ్చింది ఇంతే."

"మూడులో రెండు అని రాసుంటే మూడోదేదని అడగాలనిపించలేదా నీకు? ఏ ఆఫీసులో గుమాస్తావి నువ్వు?"

వాడు తల దించుకున్నాడు. లోపల్నుంచి తల్లి ఎవరే వచ్చిందని కేకేసింది. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాగితం సప్లై చేసేవాడని బైండరమ్మ అబద్ధం చెప్పింది. తల్లితో ఆమె ఆడిన అబద్ధాల్లో అదే అన్నిటికన్నా బరువుగా తోచింది.

మర్నాడు తమ్ముణ్ణి ఆఫీసుకు సెలవు పెట్టించి ల్యాబుకు లాక్కెళ్ళింది. రిపోర్టు వాడిది, వాడు పక్కన లేకపోతే వాళ్ళు నోరు విప్పరు. మూడో అంతస్తు, తెల్ల గోడలు, నీళ్ళ డబ్బా, గోడకు ఒక అందమైన చెట్టు బొమ్మ. రిపోర్టులు విడమరిచి చెప్పే అమ్మాయి ఒకతె వచ్చింది. ముక్కు మీదికి జారే కళ్ళజోడు. వాడి నంబరు కంప్యూటర్లో కొట్టి, మూడో పేజీ అచ్చు తీసి ముందు పెట్టింది.

"ఇది ప్రతి రిపోర్టుకీ ఉంటుందండి. గ్రూపు తరఫున ఒకే మనిషికి పంపమని మీ పన్నెండు మందీ సంతకాలు పెట్టారు కాబట్టి అన్నీ ఆయనకే పంపాం. మూడు పేజీలూ పంపాం."

బైండరమ్మ చదివింది. ఈ పరీక్ష తండ్రి, తండ్రికి తండ్రి, ఆయన తండ్రి అనే ఒక్క వరసనే చూస్తుంది. ఫలితం కలవకపోతే ఆ పూర్వీకుడికి మీరు సంతతి కారని అర్థం కాదు. ఏ తరంలో వరస మారిందో, ఎందుకు మారిందో ఈ ఫలితం చెప్పదు. నిర్ణయాలు తీసుకునే ముందు మా సలహాదారుతో మాట్లాడండి. అంతే ఉంది, ఎనిమిది లైన్లు. ఎనిమిది లైన్లకు తల్లిని ఆటో ఎక్కించారు.

"నాకు లెక్కలాగా చెప్పమ్మా" అంది. "ఏడు తరాల క్రితం మనిషి. ఆయన్ని ఒకటో తరం అనుకుంటే నేను ఏడో తరం."

అమ్మాయి తెల్ల కాగితం తీసింది. "మీకు తల్లీ తండ్రీ ఇద్దరు. వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు. పైన ఎనిమిది, ఆ పైన పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు. మీ మూలపురుషుడు కూర్చున్న వరసలో మీకు అరవై నాలుగు కుర్చీలున్నాయండి. దగ్గరి సంబంధాలు చేసుకుని ఉంటే ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చుంటాడు, అది వేరే సంగతి. మీ తమ్ముడుగారి వై ఆ అరవై నాలుగింటిలో ఒక్క కుర్చీ సంగతే చెప్తుంది. ఈ చివరిది."

"తల్లి వైపు పరీక్ష కూడా ఉందన్నారు" అంది బైండరమ్మ.

"అదీ అంతే. మైటోకాండ్రియా అని, తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కూతుళ్ళు మాత్రమే ముందుకు పంపుతారు. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ. అది ఆ చివరి కుర్చీ. రెండు పరీక్షలూ కలిపితే ఇద్దరు. మధ్యలో అరవై రెండు మంది గురించి ఈ పరీక్షలకు నోరు లేదు. మీరు చేయించుకుంటే ఒక్కరే, ఆడవాళ్ళకు వై ఉండదు కాబట్టి."

తమ్ముడు నోరు తెరిచాడు. "మరి మేం ఆయన వంశం అయ్యుండొచ్చా?"

"ఆ అరవై రెండిటిలో ఏ కుర్చీలో ఉన్నా మీరు ఆయన సంతానమే కదండీ. మధ్యలో ఒక్క చోట కూతురు ద్వారా వచ్చినా చాలు, వై అక్కడితో వేరే ఇంటిది అయిపోతుంది. ఇల్లరికం, దత్తత, పేరు మార్చుకోవడం, ఎన్నో ఉంటాయి. మీ పైన నాలుగైదు తరాలు ఉన్నాయి. అందరిలోకీ దగ్గరున్న మనిషినే ఎందుకు అనుమానించడం?"

అమ్మాయి ఎవరినీ ఉద్దేశించి అనలేదు. తమ్ముడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అన్ని కుర్చీలనూ చూసే పరీక్ష లేదా?" అని అడిగింది బైండరమ్మ.

"అన్ని వైపులనుంచీ వచ్చిన డీఎన్ఏను చూసేది ఉంది. కానీ ప్రతి తరంలో సగం రాలిపోతుంది. మీలో ఆయన వాటా సగటున అరవై నాలుగోవంతు. మీ ముత్తాతా, మీ రిపోర్టులందుకున్న అధ్యక్షులవారి ముత్తాతా తోడబుట్టినవాళ్ళయితే, అలాంటి పది జంటల్లో తొమ్మిదింటికి ఎంతో కొంత కలుస్తుంది. పదో జంటకు ఏమీ కనబడకపోవచ్చు. కనబడకపోయినా చుట్టరికం లేదని కాదు." కళ్ళజోడు పైకి తోసుకుంది. "కాగితాలేమైనా ఉంటే ముందు అవి చూసుకోండి."

కాగితాలు. ఆ మాట ఆమెను దారంతా వదల్లేదు.

షాపుకు వచ్చి, తుక్కు కాగితం తీసి యంత్రంలో చీలికలు కోసింది. నూట ఇరవై ఆరు. ఇద్దరి దగ్గర మొదలుపెట్టి అరవై నలుగురి దాకా కూడితే వచ్చేది అంతే. బల్ల మీద వరసలుగా పేర్చింది. ఎడమ అంచున తండ్రి వరస, ఆరు చీలికలు. కుడి అంచున తల్లి వరస, ఆరు చీలికలు. వాటికి ఎర్ర పెన్సిలు రాసింది. ఆ రెండు సన్న గీతల మధ్య నూట పద్నాలుగు తెల్ల కాగితాలు బల్లంతా పరుచుకుని ఉన్నాయి. అవి కూడా తను పుట్టడానికి కావలసిన మనుషులే. ఒక్కరు లేకపోయినా తను లేదు. సంఘంవాళ్ళు ఎడమ అంచు పట్టుకుని మిగతా బల్లనంతా ఊడ్చేశారు.

తల్లి తొంగి చూసింది. "ఇదేం ఆటే?"

"ఆట కాదమ్మా, లెక్క."

"లెక్కయితే నాకొద్దు" అని తల్లి మడత పుల్ల వెతుక్కుంటూ పోయింది.

బైండరమ్మ అలమర తెరిచి పాత పుస్తకం తీసింది. దాన్ని ముప్ఫై నాలుగేళ్ళుగా ఎరుగును. తను షాపుకు తిరిగి రావడానికి కొంచెం ముందు తండ్రి దానికి కొత్త అట్ట వేశాడు. మూడో తరం సంతానం రాసిన ఆకు మాత్రం మిగతావాటి ఈడుది కాదు. కాగితం కొంచెం తెల్లన, కుట్టులో లేదు, పక్క ఆకు అంచుకు లై రాసి అతికించినది. అది ఆమెకు మొదటి రోజే కనబడింది. చెదలు తిన్నదేమో, నాన్న తిరగరాసి ఉంటాడనుకుంది. తండ్రి చేతిపనిని శంకించడం ఆమెకు అలవాటు లేదు. ఆ ఆకు మీద 'పెద్దవాడు, చిన్నవాడు' అని ఇద్దరు కొడుకులు రాసి ఉన్నారు.

చెడిపోయిన ఆకును బైండరు ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. పారేయడు. ఏ బైండరూ కాగితం పారేయడు. అట్టకు లోపలివైపు బలానికి అతికించి, దాని మీద మంచి కాగితం కప్పుతాడు. ఆమెకు నేర్పింది తండ్రే.

స్పాంజి తడిపి వెనక అట్ట లోపలి కాగితం మీద పెట్టింది. మైదా లై మంచిది, నీళ్ళు తగిలితే పట్టు వదులుతుంది. కాసేపాగి, చదును కత్తితో మూల ఎత్తింది. కప్పిన కాగితం నెమ్మదిగా లేచి వచ్చింది. కింద పసుపుపచ్చ ఆకు, పాత సిరా, పొడుగు కొమ్ముల అక్షరాలు. మూడో తరం సంతానం ఇద్దరు. పెద్దది కూతురు. ఆమె పేరు. పక్కనే, ఇల్లరికపు అల్లుడు, మన ఇంటిపేరు పెట్టుకున్నాడు. చిన్నవాడు కొడుకు.

పెద్దది కూతురు. తాతను కన్న తల్లి ఆమె. ఆమె కన్నది కాబట్టి తాత, తాత కన్నాడు కాబట్టి నాన్న. అంతా సక్రమంగానే ఉంది, అంతా మూలపురుషుడి సంతానమే. తమ్ముడి వై ఆ అల్లుడిది. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు.

ఒక్కరు చేశారు. ఆకు మీద అడ్డంగా పెన్సిలుతో పెద్ద కొట్టివేత గుర్తు ఉంది. ఒక కొస చిన్నది, రెండో కొస పొడుగు. తుక్కు ఆకులు మంచివాటిలో కలిసిపోకుండా గుర్తు పెట్టుకోవే అని, చెయ్యి పట్టుకుని ఆమెతో దిద్దించిన గుర్తు అది. ఆమె ఇప్పటికీ అలాగే పెడుతుంది.

నాన్న. తన సొంత నాన్నమ్మను తుక్కు అని గుర్తు పెట్టి, అట్టలో పెట్టి అతికేశాడు. బైండరమ్మ స్టూలు మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తల్లికి వినబడకూడదని.

హెడ్మాస్టారి ఇంటికి ఆ మర్నాడు పదకొండింటికి వెళ్ళింది. ఆయన సంఘం ముద్ర పక్కన పెట్టుకుని ఉత్తరాలు రాసుకుంటున్నాడు. మూడో పేజీ ఆయన ముందు పెట్టింది.

"ఇది మీకు వచ్చింది కదా అన్నయ్యా."

ఆయన చూసి పక్కకు జరిపాడు. "వచ్చింది. సాంకేతికమైన గోలంతా అందరికీ ఎందుకని తీశాను. కూర్చో."

ఆమె కూర్చోలేదు. పాత ఆకును రెండు అట్టల మధ్యలోంచి తీసి పెట్టింది. ఆయన వంగి చూశాడు. ఆశ్చర్యపోతాడనుకుంది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఇంకా ఉందా ఇది?" అన్నాడు.

"మీకు తెలుసా?"

"మా నాన్న చెప్పాడు. మీ నాన్న మా ఇంటికొచ్చి, ఈ వరండాలోనే కూర్చుని బతిమాలుకున్నాడట. ఇల్లరికపు శాఖ అని సమావేశంలో ఎవరో నవ్వారట. ఆకు మారుస్తా, అడ్డు చెప్పకన్నాడట. మా నాన్న మంచివాడు, సరే అన్నాడు."

"అంటే మేం కూతురి సంతానమని మీకు ముందే తెలుసు. తమ్ముడి వై కలవదని పరీక్షకు ముందే తెలుసు."

"కలవకపోవచ్చని అనుకున్నాను."

"తెలిసీ వాణ్ణి పిలిచి పుల్ల రుద్దించారు. తెలిసీ మా అమ్మ గురించి వాడు అలా అనుకుంటుంటే చూస్తూ కూర్చున్నారు."

"నేను మీ అమ్మ మాటే ఎత్తలేదు. వాడు అనుకుంటే నేనేం చేయను? చూడు చెల్లెమ్మా, పుస్తకానికి ఒక పద్ధతి ఉండాలి. ఒకే గీత, తండ్రి నుంచి కొడుకు. ఆ గీత ప్రకారం మొదటి శాఖ మాది. నీ మీద నాకేం కక్ష లేదు."

మొదటి శాఖ. ఇంతకీ అదీ సంగతి. ఏడాదికొక్కసారి మైకులో మొదట చదివే పేరు. దానికోసం ఎనభై ఏళ్ళ మనిషి మూడు నెలలుగా తను చేసిన తప్పేమిటో వెతుక్కుంటోంది. బైండరమ్మ సంచిలోంచి ఇంకొక కాగితం తీసింది. అచ్చు పుస్తకంలో ఆఖరి ఫారం.

"ఇందులో తొమ్మిదో తరం కింద మీ మనవడున్నాడు."

"ఉన్నాడు. ఏం?"

"మీకు కొడుకులు లేరు కదా. వాడు మీ కూతురి కొడుకు. వాడి వై ఎవరిది అన్నయ్యా?"

ఆయన పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. కిటికీ వైపు చూశాడు. లెక్కలు చెప్పే రోజుల్లో, చేతకాని పిల్లల్ని ఆయన ఇలాగే నిలబెట్టేవాడు.

"వాడు మా ఇంట్లోనే పెరుగుతున్నాడు" అన్నాడు చివరికి.

"ఈ ఆకులో ఉన్న ఆవిడ భర్త కూడా మన వంశం ఇంట్లోనే ఉన్నాడు."

"నువ్వు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు" అన్నాడు హెడ్మాస్టారు. గొంతు పెంచలేదు. "ఆ ఆకు మీ నాన్న చేత్తోనే కొట్టేసి ఉంది. సంఘంలో చూపిస్తే నవ్వేది ఎవరినో ఆలోచించుకో. మిమ్మల్ని పుస్తకంలోంచి ముందు తీసింది నేను కాదు."

ఆ మాట నిజం. ఆకును అట్టల మధ్య పెట్టుకుని మెట్లు దిగింది. చిన్నప్పుడు ఈ మెట్ల మీదే ఆయన ఆమెకు ఎక్కాలు అప్పజెప్పించాడు. రెండు రెళ్ళు నాలుగు, రెండు నాలుగులు ఎనిమిది, తడబడితే చెవి మెలిపెట్టేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి చెప్పించేవాడు. మంచి మాస్టారు.

షాపుకు వచ్చి రెండు వందల పుస్తకాల ఫారాలూ కట్టలు కట్టి, సూది తగలకుండా, ఆటోలో ఆయనింటికి పంపేసింది. ఇంకొకరు కుడతారు. కుట్టనీ. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం మెట్టు మీద కాదు, లోపలికి రమ్మంది.

వచ్చాడు. తల్లి కళ్ళు కొడుకు అడుగులు లెక్కపెట్టాయి. వాడు స్టూలు పక్కన నేలమీద చతికిలబడి అక్క వైపు చూశాడు. అక్క సాయం చేయలేదు. నీ నోటితో నువ్వే చెప్పు అంది.

వాడు చెప్పాడు. పరీక్ష, వేరే వచ్చిన ఫలితం, తను అనుకున్నది, ఆటో. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. తల్లి మడత పుల్ల ఒళ్ళో పెట్టుకుని, వాడి నెత్తి మీది బట్టతల మచ్చను చూస్తూ వింది.

"మీ తాతకు తండ్రి ఇల్లరికం వచ్చినాయన" అంది. "నా పెళ్ళినాడే మా అత్తగారు చెప్పారు. ఇంటి ఆడపిల్ల కడుపున పుట్టిన శాఖ మనది, గర్వంగా ఉండమన్నారు. మీ నాన్నకే నచ్చేది కాదు."

బైండరమ్మ చేతిలో పాత ఆకు అలాగే ఉండిపోయింది. నూట ఇరవై ఆరు చీలికలు కోసింది, ల్యాబు మెట్లెక్కింది, అట్ట చీల్చింది. జవాబు వెనక గదిలో మంచం మీద పడుకుని, వాడు ఫోన్ చేశాడా అని రోజూ అడుగుతూ ఉంది. తమ్ముణ్ణి తిట్టింది గానీ, మన తాతముత్తాతలెవరమ్మా అని తను మాత్రం ఎప్పుడడిగింది?

"నన్నొక్క మాట అడిగితే పోయేదానికి" అంది తల్లి, "నా మాట కాకుండా నీ ఉమ్మి అడిగారా నాయనా?"

వాడు ఆవిడ పాదాల మీద తల పెట్టి భోరుమన్నాడు. ఇంటికి పోదాం రమ్మా, బట్టలు సర్దుతానన్నాడు. తల్లి వాడి తల మీద చెయ్యి వేసింది. నిమిరింది కూడా. కానీ లేవలేదు.

"నేనిక్కడే ఉంటా. కంచం పెట్టేటప్పుడు నా మొహం చూడలేకపోయావన్నావుగా. నేనూ రేపటినుంచి నీ కంచం చూసినప్పుడల్లా అదే తలుచుకుంటా. వద్దులే. ఆదివారాలు వస్తూ ఉండు."

వాడు వెళ్ళేటప్పటికి ఎండ వాలింది. తల్లి బడి రిజిస్టర్ల ఫారాలు ముందుకు లాక్కుని మడవడం మొదలుపెట్టింది. బైండరమ్మ పాత పుస్తకం కుట్టు విప్పి, తండ్రి రాసిన తెల్ల ఆకును తీసి పక్కన పెట్టింది. అసలు ఆకును దాని చోట్లో ఉంచి, సూది ఎక్కించే ముందు రబ్బరు తీసుకుని ఆ పెన్సిలు గుర్తును చెరిపింది. నలుపంతా పోయింది. కానీ తండ్రి గట్టిగా నొక్కి గీశాడు. తాతను కన్నావిడ పేరు మీద వేలు పెట్టి రాస్తే ఆ గాడి ఇంకా తగులుతోంది.

"ఆ తెల్ల ఆకు పారేస్తావా?" అంది తల్లి.

"లేదమ్మా" అంది బైండరమ్మ. దాన్ని వెనక అట్ట లోపలివైపు పెట్టి, లై రాసింది.